అవే కేలరీలు జ్యూసు, టీలుగా తాగితే పది గంటలకే ఆకలి: లెక్క ఎక్కడ తప్పుతోంది?

తూకంరాయి
ఒక చిన్న లెక్క కుదరక ఇక్కడికి వచ్చాను. ఉదయం ఎనిమిదికి నేను తినేది కొన్నేళ్లుగా ఒకటే: మూడు బ్రెడ్డు ముక్కలు, ఒక ఆపిల్. బ్రెడ్డు ముక్కకు 75 చొప్పున 225, ఆపిల్‌కు 95, మొత్తం 320 కేలరీలు. మధ్యాహ్నం పన్నెండున్నర దాకా కడుపు గుర్తుకు కూడా రాదు.

పోయిన వారం పని ఒత్తిడిలో తినే తీరిక లేక 400 మిల్లీలీటర్ల ఆపిల్ జ్యూసు, రెండు కప్పుల తీపి టీతో సరిపెట్టుకున్నాను. జ్యూసు 184 కేలరీలు. టీ ఒక్కో కప్పులో రెండు చెంచాల చక్కెర, 50 మిల్లీలీటర్ల పాలు కలిపి 64. మొత్తం 312. అంటే తేడా ఎనిమిది కేలరీలే. కానీ వరుసగా నాలుగు రోజులు పది దాటేసరికి బిస్కెట్ల డబ్బా కోసం చేయి వెళ్లింది. పోనీ మధ్యాహ్న భోజనమైనా తగ్గిందా అంటే అదీ లేదు.

కేలరీ కేలరీయే కదా. మరి ఆ 312 ఎక్కడికి పోయాయి?

ఆకుపచ్చ
సమాధానం ఒక్క మాటలో చెప్పవచ్చు: పీచు. ఆపిల్‌లో పీచు ఉంది, జ్యూసులో దాన్ని తీసేశారు. పీచు లేని చక్కెర రక్తంలోకి దూసుకుపోతుంది, ఇన్సులిన్ పెరుగుతుంది, తర్వాత చక్కెర కింద పడుతుంది, ఆకలి వేస్తుంది. జ్యూసులో ఇసబ్‌గోల్ కలుపుకుని తాగండి, సమస్య తీరిపోతుంది.

మల్లెతీగ
మా అత్తగారికి పళ్లన్నీ తీసేశారు, రెండు నెలలుగా ద్రవాహారమే. ఏ జ్యూసు మంచిదో ఎవరైనా చెప్పగలరా? ఆపిల్‌దా, నారింజదా? ఆమె బాగా చిక్కిపోతున్నారు.

నిదానం
మల్లెతీగ గారూ, మీ ప్రశ్న వేరు, కానీ ఇదే విషయానికి వెనుకవైపు అది. కాసేపట్లో దాని దగ్గరికి వస్తాను.

తూకంరాయి గారూ, ఆ 312 ఎక్కడికీ పోలేదు. ఒంట్లోకే వెళ్లాయి. అవి వచ్చినట్టు ఆకలికి కబురు అందలేదు, అంతే. అయితే ముందుగా మీ పోలిక గురించి ఒక మాట. బ్రెడ్డులో పిండిపదార్థం, కొంత ప్రోటీన్ ఉన్నాయి. జ్యూసులో ఉన్నది దాదాపు చక్కెరే. కాబట్టి మీరు మార్చింది రూపం ఒక్కటే కాదు, సరుకు కూడా. రూపం మాత్రమే మారితే ఏమవుతుందో తెలియాలంటే ఆపిల్‌ను ఆపిల్ జ్యూసుతోనే పోల్చాలి.

ఆ పని 1977లోనే చేశారు. పదిమందికి మూడు రకాలుగా ఆపిల్ ఇచ్చారు: పండుగా, గుజ్జుగా, పీచు తీసేసిన జ్యూసుగా. మూడింటిలోనూ ఒంటికి పట్టే పిండిపదార్థం 60 గ్రాములే. పండు అయితే దాదాపు అర కిలో అవుతుందని నా లెక్క. ఎవరి వేగానికి వారిని వదిలేస్తే, పండు తినే వేగానికి పదకొండు రెట్ల వేగంతో జ్యూసు తాగేశారు. అందుకని తర్వాత మూడింటికీ ఒకే సమయం పట్టేలా చేసి చూశారు. అప్పుడు కూడా జ్యూసు కంటే గుజ్జు, గుజ్జు కంటే పండు ఎక్కువ తృప్తినిచ్చాయి.

ఆకుపచ్చ గారు చెప్పిన చక్కెర పడిపోవడం కూడా అందులో కనిపించింది. రక్తంలో చక్కెర మూడింటికీ ఒకే ఎత్తుకు పెరిగింది. జ్యూసు తర్వాత మాత్రం గట్టిగా కిందికి పడింది, గుజ్జు తర్వాత కొంచెం పడింది, పండు తర్వాత పడలేదు. కాబట్టి మీరు చెప్పింది తప్పు కాదు. కానీ కథ అంతటితో అయిపోదు.

ఆకుపచ్చ
అంటే నేను చెప్పిందే కదా! పీచు ఉన్న క్రమంలోనే తృప్తి ఉంది.

నిదానం
గుజ్జు దగ్గర ఆగండి. పండులో ఎంత పీచు ఉందో గుజ్జులోనూ అంతే ఉంది, నలిగిందంతే. అయినా పండు గెలిచింది. పీచు మోతాదే కారణమైతే ఆ రెండూ సమానం కావాలి.

మీరు సూచించిన పని, అంటే జ్యూసులో పీచు కలపడం, 2009లో ఒక అమెరికా విశ్వవిద్యాలయం వారు చేసి చూశారు. 58 మందికి భోజనానికి పావుగంట ముందు ఒక్కోసారి ఒక్కోటి ఇచ్చారు: ఆపిల్ ముక్కలు, ఆపిల్ గుజ్జు, పీచు కలిపిన జ్యూసు, మామూలు జ్యూసు. ఏదైనా 266 గ్రాములు, 125 కేలరీలు, తీసుకునే వేగమూ ఒకటే. ఏమీ ఇవ్వని రోజుతో పోలిస్తే ఆపిల్ తిన్న రోజు, ఆ ఆపిల్‌ను కూడా కలిపి లెక్కించినా, భోజనం సగటున 187 కేలరీలు తగ్గింది. అంటే ఆపిల్ తన 125 కేలరీలకు సరిపడా తగ్గించి, పైన ఇంకొంత కూడా తగ్గించింది. గుజ్జూ జ్యూసులూ అంత చేయలేకపోయాయి. పీచు కలిపిన జ్యూసుకూ మామూలు జ్యూసుకూ నిండినతనంలో తేడా లేదు. పండులో సహజంగా ఎంత పీచు ఉంటుందో అంతే కలిపారన్నది మరచిపోకండి. ఇసబ్‌గోల్ చిక్కగా కలిపి చెంచాతో తినేటంత చేస్తే అది జ్యూసు కాదు, వేరే పదార్థం.

ఇక్కడ గమనించాల్సింది ఆ పావుగంట. చక్కెర పెరిగి పడిపోవడానికి అంతకంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది. పడకముందే తేడా వచ్చేసింది. మీకు పది గంటలకు వేసిన ఆకలిలో చక్కెర పడిపోవడానికి వాటా ఉండవచ్చు, కాదనను. మొదటి అరగంటలోని తేడాకు మాత్రం కారణం వేరే చోట ఉంది.

రెండోకప్పు
పీచును ఇంతమంది ఇంతగా తిట్టడం మొదటిసారి చూస్తున్నాను.

నా అనుభవం చెబుతాను. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాలు. టీ నాకు ఆకలిని చంపుతుంది, పుట్టించదు. గంటసేపు ఏమీ అనిపించదు. పైగా నేను గటగటా తాగే మనిషిని కాదు, కప్పు అరగంట నడుస్తుంది. వేగమే కారణమైతే నాకు బాగా నిండాలి కదా?

చెవిలోజోరీగ
ద్రవం కడుపులో ఆగదు, నేరుగా పేగులోకి జారిపోతుంది. ఘనపదార్థం ఆగుతుంది. ఇంత సులభమైన విషయానికి ఇన్ని పరిశోధనలు ఎందుకో!

నిదానం
జోరీగ గారూ, అది సగం నిజం. మంచినీళ్లయితే మీరన్నట్టే సగం నీరు పావుగంట, ఇరవై నిమిషాల్లో వెళ్లిపోతుంది. కానీ జ్యూసులో చక్కెర ఉంది. అది చిన్నపేగు మొదట్లో తగలగానే అక్కడి నుంచి కడుపుకు 'నెమ్మది' అని సంకేతం వెళ్తుంది. అప్పుడు కడుపు నిమిషానికి సుమారు రెండు మూడు కేలరీల చొప్పునే వదులుతుంది. అంటే తూకంరాయి గారి 184 కేలరీల జ్యూసు పూర్తిగా దిగడానికి గంట నుంచి గంటన్నర దాకా పట్టవచ్చు. జారిపోవడం అనలేం.

ఆపిల్ ముక్క సంగతి చూడండి. నమిలి మింగినా అది ఇంకా గింజలు గింజలుగానే ఉంటుంది. కడుపు దాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లకు నలిగేదాకా పిసుకుతుంది. ఆ మొదటి ఇరవై ముప్పై నిమిషాలు ఘనభాగం కిందికి దిగడం చాలా తక్కువ. కడుపు గోడ సాగే ఉంటుంది. సాగిందన్న వార్త నరాల ద్వారా మెదడుకు వెళ్తూనే ఉంటుంది. జ్యూసుకు ఈ విరామం లేదు, మొదటి నిమిషం నుంచే దిగడం మొదలవుతుంది. మొత్తం వ్యవధిలో తేడా మనం అనుకునేంత పెద్దది కాదు. మొదట్లో ఆగడమా, ఆగకపోవడమా అన్నదే పెద్ద తేడా.

రెండోకప్పు గారి ప్రశ్న మంచిది. వేగం అంటే గడియారంలోని నిమిషాలు కావు, నోట్లో గడిపిన క్షణాలు. కప్పు అరగంట నడిచినా, ఒక్కో గుక్క నాలుక మీద ఉండేది ఒక క్షణం. మిగతా సమయమంతా టీ కప్పులోనే ఉంటుంది, నోట్లో కాదు. అదే ఒక ఆపిల్ ముక్కను పదిహేను ఇరవై సార్లు నములుతాం. అంతసేపూ రుచి, వాసన, దవడ కదలిక కలిసి 'తిండి వస్తోంది' అని లోపలికి చెబుతుంటాయి. దానికితోడు, అరగంటలో చుక్కచుక్కగా వచ్చిన టీని కడుపు వచ్చింది వచ్చినట్టే దించేస్తుంది. ఒక్కసారి కూడా కడుపు సాగదు.

టీ ఆకలిని చంపుతుందన్న మీ మాటను కాదనడం లేదు. వేడి, కెఫీన్, అలవాటు, కాసేపు కూర్చోవడం అన్నీ పనిచేస్తాయి. కానీ ఆ గంట గడిచాక రాత్రి భోజనం తగ్గిందా లేదా అన్నది వేరే ప్రశ్న. నాలుగు టీలలో చక్కెర 32 గ్రాములు, అంటే 128 కేలరీలు. తూకంరాయి గారి కొలత ప్రకారం పాలతో కలిపి 256. మూడు బ్రెడ్డు ముక్కల కంటే ఎక్కువ. మీరు రోజూ మధ్యలో మూడు బ్రెడ్డు ముక్కలు తింటే రాత్రి కంచంలో తేడా కనిపిస్తుందా?

రెండోకప్పు
కనిపిస్తుంది. మూడు బ్రెడ్డు ముక్కలు తిన్నానని అందరికీ చెప్పుకుంటాను కూడా. టీ తాగానని ఎవరికీ చెప్పను, అది లెక్కలోది కాదు.

ఇప్పుడు ఈ వాక్యం రాసి నేనే ఆగిపోయాను.

ఎదురుప్రశ్న
ఇక్కడ అందరూ ఒకే వైపు ఒరుగుతున్నారు. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో కోలా, కొవ్వులేని బిస్కెట్లు ఒక్కోటి 300 కేలరీలు ఇచ్చి చూశారు. భోజనానికి 20 నిమిషాల ముందు ఇచ్చినప్పుడు రెండూ ఒకేలా ఆకలి తగ్గించాయి. రెండు గంటల ముందు ఇస్తే రెండింటి ప్రభావమూ ఒకేలా తగ్గిపోయింది. ఘనమా ద్రవమా అన్నది కాదు, ఎంత ముందు అన్నదే తేలింది. దీనికి ఏమంటారు?

నిదానం
అది ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. నా వివరణ మాత్రం ఇది: 300 కేలరీల కోలా అంటే ముప్పావు లీటరుకు కాస్త తక్కువ. అంత ద్రవం ఇరవై నిమిషాల ముందు తాగితే కడుపు సాగక ఏం చేస్తుంది? బిస్కెట్లేమో పిడికెడు. అక్కడ ద్రవానికి పరిమాణం అండగా నిలిచింది. ఆపిల్ ప్రయోగంలో బరువు సమానం చేశారు కాబట్టి ఆ అండ లేదు. ఇది నా ఊహే. మీరు ఒప్పుకోనక్కర్లేదు.

కానీ ఒక్క పూట భోజనం కంటే వారాల లెక్క నాకు ముఖ్యం. 2000లో 15 మందితో చేసిన ప్రయోగం చూడండి. నాలుగు వారాలు రోజూ 450 కేలరీలు జెల్లీ బీన్స్‌గా, మరో నాలుగు వారాలు అంతే కేలరీలు సోడాగా. ఇదిగో ఈ మిఠాయిలు తినండి అని తప్ప ఇంకేమీ తగ్గించమని చెప్పలేదు. జెల్లీ బీన్స్ తిన్న వారాల్లో వారు తమకు తెలియకుండానే మిగతా తిండి అంతకంత తగ్గించేశారు. సోడా వారాల్లో ఏమీ తగ్గించలేదు, బరువు పెరిగారు.

ఆకుపచ్చ గారూ, జెల్లీ బీన్స్‌లో చెప్పుకోదగ్గ పీచు లేదు. అటు చక్కెరే, ఇటు చక్కెరే.

ఎదురుప్రశ్న
15 మంది!

నిదానం
అవును, 15 మందే. అందుకే దానిలోని అంకెల మీద నేను పందెం కాయను, దిశ మీద కాస్తాను. పెద్దది కావాలంటే నెదర్లాండ్స్‌లో 641 మంది పిల్లల మీద పద్దెనిమిది నెలలు నడిచి 2012లో వచ్చినది ఉంది. సగం మందికి రోజూ 250 మిల్లీలీటర్ల తీపి పానీయం, 104 కేలరీలు. మిగతా సగానికి అదే రుచితో చక్కెర లేనిది. ఎవరికి ఏది అన్నది పిల్లలకు తెలియదు. చక్కెర తాగిన పిల్లలు సగటున 7.37 కిలోలు పెరిగారు, తాగనివారు 6.35. పిల్లలు ఎలాగూ పెరుగుతారు, మధ్యలో ఆ ఒక్క కిలో చూడండి. ఆ 104 కేలరీలను ఆకలి పూర్తిగా లెక్కలో వేసుకుని ఉంటే ఆ తేడా రాకూడదు. అయితే ఇది ఘనానికీ ద్రవానికీ పోలిక కాదు. తాగిన చక్కెరను మిగతా తిండి సర్దలేదని మాత్రమే చెబుతుంది.

మల్లెతీగ
మా అత్తగారి సంగతి...

నిదానం
క్షమించండి. మీకు కావలసింది దీనికి సరిగ్గా తలకిందులు. ఇక్కడ అందరూ తప్పుపడుతున్న గుణమే మీకు ఉపయోగం. ద్రవం కడుపు నింపకుండా కేలరీలు ఇస్తుంది కాబట్టి, పూటకూ పూటకూ మధ్య ఇస్తే తర్వాతి పూట తిండిని పెద్దగా తినేయదు. భోజనానికి ముందు మాత్రం ఇవ్వకండి. కానీ జ్యూసు వద్దు, అది చక్కెరనీళ్లు. చిక్కిపోతున్నవారికి ప్రోటీన్ కావాలి. పాలు నయం, పాలతో చేసినవి ఇంకా నయం. రెండు నెలల్లో బాగా చిక్కారంటున్నారు కాబట్టి ఎంత ఇవ్వాలో పోషకాహార నిపుణులు ఆమెను చూసి చెప్పాలి. ఈ వేదిక మీద తేలే విషయం కాదు.

చెవిలోజోరీగ
పాలు కూడా ద్రవమే కదా. అది మాత్రం ఎలా నయం?

నిదానం
గ్లాసులో ద్రవమే. కడుపులోని ఆమ్లం తగలగానే పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ విరిగి గడ్డకడుతుంది. ఆ గడ్డ కరగడానికి సమయం పడుతుంది. అందుకే పాలు కడుపులో సగం ఘనంలా ప్రవర్తిస్తాయి. టీలో పోసే పాలు అంత పని చేసేంత ఉండవు, రెండోకప్పు గారు సంబరపడనక్కర్లేదు.

తూకంరాయి
మీరంతా మాట్లాడుకుంటుంటే నేను త్రాసు తీశాను. ఆరు రోజులు, రోజు విడిచి రోజు. ఒక రోజు మధ్యాహ్న భోజనానికి పావుగంట ముందు 240 గ్రాముల ఆపిల్ ముక్కలు, మరుసటి రోజు 270 మిల్లీలీటర్ల జ్యూసు. రెండూ దాదాపు 125 కేలరీలే. రెంటినీ పది నిమిషాల్లో ముగించాను. జ్యూసును పది నిమిషాలు సాగదీయడం ఎంత విసుగో చెప్పలేను. గ్లాసు పెట్టడం, తీయడం, గడియారం చూడడం. ఆరు రోజులూ భోజనంలో ఒకటే వంటకం, గిన్నెను ముందూ వెనుకా తూచాను.

జ్యూసు రోజుల్లో తిన్నది: 610, 580, 640 గ్రాములు.
ఆపిల్ రోజుల్లో: 520, 560, 590.

ఆపిల్ మూడో రోజున తిన్నది, జ్యూసు రెండో రోజు కంటే ఎక్కువే. ఆ రోజు ఉదయం చాలా దూరం నడిచాను. సగటున జ్యూసు రోజుల్లో 53 గ్రాములు ఎక్కువ తిన్నాను.

ఎదురుప్రశ్న
ఏది తింటున్నారో మీకు తెలుసు. ఏ ఫలితం రావాలో ఈ చర్చ చదివి మీకు ముందే తెలుసు. ఇక ఆ 53 గ్రాములకు విలువ ఏమిటి?

తూకంరాయి
కళ్లకు గంతలు కట్టుకుని ఆపిల్ నమిలితే జ్యూసు అనిపిస్తుందా? ఈ పరీక్షలో ఆ తెలివిడిని దాచడం కుదరదు కదా.

నిదానం
ఎదురుప్రశ్న గారు తెలిసో తెలియకో అసలు చోట వేలు పెట్టారు. ఆ 'తెలుసు' అన్నదే కారణాల్లో ఒకటి.

2012లో 52 మందితో ఒక ప్రయోగం జరిగింది. చెర్రీ రుచిగల ద్రవం ఇస్తూ, ఇది కడుపులోకి వెళ్లాక గట్టిపడుతుందని ఒకసారి, ద్రవంగానే ఉంటుందని ఇంకోసారి నమ్మించారు. గట్టిపడుతుందని నమ్మినప్పుడు ఆకలి తగ్గింది, తర్వాత తక్కువ తిన్నారు. మాటతో మనసు మారిందంటే ఆశ్చర్యం లేదు. కానీ కడుపు ఖాళీ అయ్యే వేగం కూడా తగ్గింది. నమ్మకం కడుపు దాకా దిగిందన్నమాట.

సూప్ సంగతి కూడా ఇలాంటిదే. అది ద్రవమే, అయినా పోల్చి చూసినప్పుడు ఘనపదార్థాలకు దీటుగా ఆకలి తీర్చింది, పానీయాలు వెనుకబడ్డాయి. గిన్నెలో పోసి, చెంచాతో, కూర్చుని తీసుకుంటాం. అది తిండి అని మనకు ముందే తెలుసు. టీ తిండి కాదనీ ముందే తెలుసు. రెండోకప్పు గారు పైన స్వయంగా రాశారు.

ఆకుపచ్చ
సరే, పీచు ఒక్కటే కాదని ఒప్పుకుంటున్నాను. కానీ పీచే ఆపిల్‌ను గట్టిగా ఉంచుతుంది, గట్టిగా ఉంది కాబట్టే నములుతాం, నలగడానికి సమయం పడుతుంది. అంటే పీచు గ్రాముల్లో కాదు, పీచుతో కట్టిన కట్టడంలో ఉంది విషయం. ఈ మాత్రం నాకు ఇవ్వండి.

నిదానం
సంతోషంగా ఇస్తాను. నేను అరపేజీలో చెప్పింది మీరు మూడు వాక్యాల్లో చెప్పారు.

రెండోకప్పు
అయితే టీని గిన్నెలో పోసుకుని చెంచాతో తాగితే?

ఎదురుప్రశ్న
దానికి ఇంకా ఎవరూ డబ్బు పెట్టలేదనుకుంటాను.

రెండోకప్పు
ఈ ఉదయం ప్రయత్నించాను. కప్పు టీకి 31 చెంచాలు పట్టాయి. ఇరవయ్యో చెంచాకే చల్లారిపోయింది, మిగతాది పారబోశాను. మూడోవంతు కేలరీలు అలా తగ్గాయి. నిండినతనం గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేను, ఇంట్లోవాళ్లు నవ్వుతుంటే ఆకలి సంగతి గమనించలేదు.

తూకంరాయి
ఇంకో ఆరు రోజులు చేస్తాను. ఈసారి ఆపిల్‌నే మిక్సీలో నీళ్లతో కలిపి, వడకట్టకుండా. పీచంతా ఉంటుంది, కట్టడం ఉండదు. ఒకసారి గ్లాసులో, ఒకసారి గిన్నెలో చెంచాతో. నడక మాత్రం ఆపేస్తున్నాను.